విచారణ రికార్డింగును ఉన్నదున్నట్లు రాయడం: ములుగు పోడు భూమి సాక్ష్యం ఆధారంగా ఒక పరిశీలన

చరిత్ర విద్యార్థిగా మీరు ఏదో ఒక రోజున ఒక విచారణ రికార్డింగును విని కాగితం మీద పెట్టవలసి వస్తుంది. అది గ్రామసభ కావచ్చు, అధికారి జరిపిన విచారణ కావచ్చు. అప్పుడు మీ ముందు రెండు దారులు ఉంటాయి. మొదటిది, తడబాట్లను, తిరిగి చెప్పిన మాటలను తీసివేసి చదవడానికి అనువుగా రాయడం. రెండవది, వినిపించిన ప్రతి మాటను, విరామాన్ని వినిపించినట్లే రాయడం. మొదటి దారిలో ఏమి పోతుందో ఈ వ్యాసంలో ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

సందర్భం

2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన ములుగు జిల్లాలో కోయలు ఎక్కువగా నివసించే ఏజెన్సీ గ్రామాలు చాలా ఉన్నాయి. అక్కడి పోడు భూములపై హక్కులను 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం కింద నిర్ణయిస్తారు. ఆ చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి భూమి ఆక్రమణలో ఉండాలి. దీన్ని రుజువు చేసే ఆధారాల్లో, దరఖాస్తుదారులు కాని ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలాన్ని కూడా 2008 నాటి నియమాలు అంగీకరించాయి. అంటే ఒక పెద్దమనిషి మాటను ఎలా రాశారన్నదాని మీద ఒక కుటుంబం భూమి ఆధారపడవచ్చు.

ఆ పెద్దమనిషి తేదీలు చెప్పడు. మేడారం జాతరను బట్టి కాలం చెబుతాడు. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకు ఒకసారి మాఘ పున్నమి సమయంలో జరుగుతుంది. 2006లో అది ఫిబ్రవరిలో వచ్చింది. చట్టం గీసిన గడువు గీతకు, ఆ జాతరకు మధ్య ఉన్నది రెండు నెలలే.

ఉదాహరణ

కింది భాగం అభ్యాసం కోసం నేను కూర్చినది. ఇందులోని వ్యక్తులు కల్పితం. మాట్లాడుతున్నది 2006 జాతర గురించేనని అంతకు ముందు సంభాషణలో తేలిందని అనుకోండి.

[00:12:40] అధికారి: వాళ్లు ఆ పోడు ఎప్పుడు కొట్టిన్రు?

సాక్షి: జాతర... జాతర అయినంక... [విరామం, 4 సెకన్లు] కాదు కాదు. జాతరకు పోయేటప్పటికే ఆ పోడు జొన్నలు ఇంట్లకొచ్చినయ్ గదా.

అధికారి: అంటే 2006 నుంచి దున్నుతున్నరన్నట్టు?

సాక్షి: ఆఁ...

[00:13:05] వెనుక నుంచి ఒక స్త్రీ: [ఇతరుల మాటలతో కలిసిపోయింది, వినపడలేదు]

సాక్షి: ఆ జొన్నలే బండ్ల ఏసుకొని జాతరకు పోయినం.

ఇదే భాగాన్ని చక్కదిద్ది రాస్తే ఇలా ఉంటుంది: "2006 మేడారం జాతర తరువాత ఈ భూమిని సాగులోకి తెచ్చారని, 2006 నుంచి సాగు చేస్తున్నారని సాక్షి తెలిపారు."

వాక్యం చక్కగా ఉంది. రాసిన వ్యక్తికి దురుద్దేశం ఉండనక్కరలేదు. కాని ఈ వాక్యం ప్రకారం ఆ కుటుంబం గడువు దాటిన తరువాత అడవి కొట్టింది. అసలు మాటల ప్రకారం అలా కాదు. జాతర నాటికే జొన్నలు ఇంటికి చేరాయి. వానాకాలపు జొన్నను జూన్ ప్రాంతంలో విత్తి అక్టోబరు, నవంబరు నెలల్లో కోస్తారు. ఆ పంట కావాలంటే 2005 ఎండాకాలంలోనే చెట్లు కొట్టి కాల్చి ఉండాలి. అంటే సాగు గడువుకు ముందే మొదలైంది.

పోయినవి ఏమిటో గమనించండి. మొదటిది, సాక్షి తన మాటను తానే సవరించుకున్న "కాదు కాదు". శుభ్రం చేసేవారు దీన్ని తడబాటుగా భావించి తీసివేస్తారు. రెండవది, అధికారి ప్రశ్న. "2006" అన్న అంకె సాక్షి నోటి నుంచి రాలేదు, ప్రశ్నలో నుంచి వచ్చింది. మూడవది, "ఆఁ". మన మాటల్లో ఇది అంగీకారం కావచ్చు, "వింటున్నాను" అనే ఊకొట్టు కావచ్చు. చక్కదిద్దిన ప్రతిలో అది "తెలిపారు"గా మారిపోయింది.

పాత రికార్డులను చదివేటప్పుడు

ఇది రికార్డింగులకు మాత్రమే చెందిన సమస్య కాదు. 2024 వరకు అమలులో ఉన్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 276వ సెక్షను ప్రకారం సెషన్స్ కోర్టులో సాక్ష్యాన్ని సాధారణంగా కథనరూపంలో రాసేవారు. ప్రశ్న జవాబుల రూపంలో రాయడం న్యాయమూర్తి విచక్షణకు వదిలారు. నిందితుని విచారణలో మాత్రం ప్రతి ప్రశ్ననూ జవాబునూ పూర్తిగా రాయాలని 281వ సెక్షను చెప్పింది. కాబట్టి పాత వాంగ్మూలంలో "నేను చూశాను" అని కనిపిస్తే, అది సాక్షి తానుగా అన్నదో, "చూశావా?" అన్న ప్రశ్నకు తల ఊపినదో కాగితం చెప్పదు. నిజాం పాలనలో ములుగు ప్రాంతపు సాక్షి తెలుగులోనో కోయలోనో చెప్పినది అధికార భాష అయిన ఉర్దూలోకి వెళ్లేది. అక్కడ మనకు మిగిలింది సారాంశమే. ఈనాటి రికార్డింగు ఆ నష్టాన్ని తప్పించుకునే అవకాశం ఇస్తుంది.

రాసే పద్ధతి

మూల రికార్డింగును ముట్టుకోకుండా భద్రపరచి, నకలుతో పని చేయండి. మొదటిసారి ఆపకుండా విని ఎవరెవరు మాట్లాడుతున్నారో గుర్తించండి. రెండవసారి కొద్దికొద్దిగా ఆపుతూ రాయండి. ప్రతి మాటకు ముందు మాట్లాడినవారి గుర్తు, అక్కడక్కడ సమయం ఉండాలి. "కొట్టిన్రు"ను "కొట్టారు" అని మార్చకండి. వినపడని చోట ఊహించి నింపకండి. "వినపడలేదు" అని సమయంతో సహా రాయండి. సాక్షి కోయలో మాట్లాడితే ముందు ఆ మాటలనే తెలుగు లిపిలో రాసి, దాని కింద అనువాదం ఇచ్చి, అనువదించినది ఎవరో చెప్పండి. మూడవసారి మరొకరు మీ ప్రతిని చేతిలో పట్టుకుని రికార్డింగు వినాలి. మన చెవి తాను ఎదురుచూసిన మాటనే వింటుంది కాబట్టి ఈ మెట్టును వదలరాదు. నలుగురు ఒకేసారి మాట్లాడే సభ అయితే గంట రికార్డింగుకు ఆరేడు గంటలకు పైగా పట్టవచ్చు.

నా పరిశోధన తొలినాళ్లలో నేను ఈ శ్రమను తప్పించుకున్నాను. చక్కదిద్దిన ప్రతి రాసుకుని, డబ్బు ఆదా అవుతుందని అదే క్యాసెట్టు మీద మరో ముఖాముఖి రికార్డు చేశాను. తరువాత ఒక్క మాట మీద సందేహం వస్తే సరిచూసుకోవడానికి ఏమీ మిగలలేదు.

పరిమితులు

ఉన్నదున్నట్లు రాసిన ప్రతి కూడా గొంతుకు ప్రత్యామ్నాయం కాదు. పై ఉదాహరణలోని "ఆఁ" ఒప్పుకోలా, ఊకొట్టా అన్నది కాగితం తేల్చలేదు, స్వరం వినవలసిందే. కాని ఎక్కడ వినాలో ఆ ప్రతి చూపుతుంది. ఇంకొకటి, తడబాట్లతో నిండిన పేజీ చదివితే తెలివైన మనిషి కూడా అయోమయంలో ఉన్నట్లు కనిపిస్తాడు. అందువల్ల పాఠకుల కోసం చక్కదిద్దిన ప్రతి తయారు చేయడం తప్పు కాదు. అది రెండవ ప్రతిగా ఉండాలి, మొదటి ప్రతి నుంచి తయారు కావాలి, ఏమి తీసివేశారో చెప్పాలి. చక్కదిద్దిన ప్రతి నుంచి అసలు మాటలను ఎవరూ తిరిగి రాబట్టలేరు.

అభ్యాసం

మీ ఇంట్లోని ఒక పెద్దవారిని అనుమతి అడిగి, వారు ఒక పాత సంఘటన తేదీని ఎలా గుర్తు చేసుకుంటారో ఐదు నిమిషాలు రికార్డు చేయండి. దాన్ని రెండు విధాలుగానూ రాయండి. రెండవ ప్రతిలో కాలం గురించిన ఏ మాట మారిపోయిందో పది వాక్యాల్లో వివరించండి.