అయిదేళ్ల పన్ను ఆదా ఫిక్స్‌డ్ డిపాజిట్

ఆదాయపు పన్ను చట్టం 80సీ సెక్షన్ కింద మినహాయింపు కోసం బ్యాంకులో అయిదేళ్లకు వేసే డిపాజిట్ ఇది. జనం నోట ‘ట్యాక్స్ సేవర్ ఎఫ్‌డీ’. వేసిన అసలుకు ఆ ఏడాది పన్ను లెక్కలో మినహాయింపు వస్తుంది. వచ్చే వడ్డీకి మాత్రం పన్ను ఉంటుంది. అయిదేళ్లు నిండేదాకా డబ్బు చేతికి రాదు. పేరులో ‘పన్ను ఆదా’ అని ఉండడంతో వడ్డీకి కూడా పన్ను లేదనుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే.

80సీ సెక్షన్ 2005 ఫైనాన్స్ చట్టంతో వచ్చింది. అంతకుముందు 88వ సెక్షన్ కింద పొదుపు మొత్తంలో కొంత శాతాన్ని కట్టవలసిన పన్నులోంచి తగ్గించేవారు. 80సీ ఆ పద్ధతి మార్చి, పొదుపును నేరుగా ఆదాయంలోంచే తీసేయమంది. ఆ మొదటి జాబితాలో జీవిత బీమా, పీఎఫ్, జాతీయ పొదుపు పత్రాలు, ఈక్విటీ పొదుపు పథకాలు ఉన్నాయి కాని బ్యాంకు డిపాజిట్ లేదు. 2006 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి పి. చిదంబరం ఆ లోటు తీర్చారు. అదే ఏడాది జూలై 28న కేంద్రం ‘బ్యాంక్ టర్మ్ డిపాజిట్ స్కీమ్, 2006’ను నోటిఫై చేసింది. నేటికీ ఈ డిపాజిట్‌కు మూలం ఆ నోటిఫికేషనే. కనీసం 100 రూపాయలు, ఏడాదికి గరిష్ఠంగా లక్ష అని అందులో ఉంది. 2014లో 80సీ పరిమితి లక్షన్నరకు పెరిగినప్పుడు ఈ గరిష్ఠాన్నీ అంతకే పెంచారు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో 80సీ స్థానంలో 123వ సెక్షన్ వచ్చింది.

స్కీములో అసలు కీలకం రెండు వాక్యాలు. రసీదు తేదీ నుంచి అయిదేళ్లు తీరకముందు డిపాజిట్‌ను నగదుగా మార్చకూడదు. దాన్ని అప్పుకు గానీ, మరో ఆస్తికి హామీగా గానీ తాకట్టు పెట్టకూడదు. మొదటిది అందరికీ తెలుసు. రెండోది అవసరం పడ్డాకే తెలుస్తుంది.

మామూలు ఎఫ్‌డీ దారి వేరు. వ్యక్తులు వేసే కోటి రూపాయల లోపు డిపాజిట్లకు గడువుకు ముందే తీసుకునే వెసులుబాటు బ్యాంకులు ఇచ్చితీరాలని రిజర్వు బ్యాంకు నియమం. వడ్డీలో కొంత కోత పడుతుంది, అంతే. విరగ్గొట్టడం ఇష్టం లేకపోతే బాండు పెట్టి అప్పు తీసుకోవచ్చు. పన్ను ఆదా డిపాజిట్‌కు ఈ రెండు తలుపులూ మూసి ఉంటాయి. తలుపు వేసింది కేంద్రం నోటిఫికేషన్ కనుక బ్రాంచి మేనేజరుకు మనసున్నా అధికారం లేదు.

ఎందుకింత పట్టు? మినహాయింపు మొత్తం మొదటి ఏడాదే చేతికొస్తుంది, దానికి బదులుగా ఇవ్వవలసిన అయిదేళ్ల పొదుపు మాత్రం తర్వాత జరగాలి. ముందే తీసుకునే వీలుంటే మార్చి 30న వేసి, మినహాయింపు రాయించుకుని, ఏప్రిల్‌లో తీసేసి, అదే సొమ్ము మళ్లీ వచ్చే మార్చిలో వేయవచ్చు. ఒకే లక్షన్నర అయిదేళ్లలో అయిదు మినహాయింపులు తెచ్చిపెడుతుంది. తాకట్టు నిషేధం కూడా ఇందుకే. డిపాజిట్ మీద తొంభై శాతం అప్పు దొరికితే అది పెరటి గుమ్మంలోంచి సొమ్ము బయటికి తెచ్చుకోవడమే.

ఇక్కడ చట్టంలో ఒక ఆసక్తికరమైన తేడా ఉంది. 2008లో 80సీలో చేరిన అయిదేళ్ల పోస్టాఫీసు టైం డిపాజిట్‌ను ముందే తీసుకుంటే, ఆ సొమ్మును తీసుకున్న ఏడాది ఆదాయంగా లెక్కగట్టాలని చట్టంలో నియమం ఉంది. అంటే ఇచ్చిన రాయితీని వెనక్కి లాక్కునే ఏర్పాటు. బీమా పాలసీని మొదట్లోనే వదిలేసినా, మినహాయింపు పొందిన ఇంటిని అయిదేళ్లలోపు అమ్మినా ఇలాంటి ఏర్పాట్లే ఉన్నాయి. బ్యాంకు డిపాజిట్‌కు అది రాయలేదు. తీయడమే కుదరనప్పుడు వెనక్కి లాక్కునే ప్రశ్న రాదు కదా. ఇప్పుడు ఎవరైనా బ్యాంకు డిపాజిట్ తాళం సడలించాలంటే ముందు చట్టంలో ఆ నియమం రాయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. పాత పన్ను విధానంలో 20 శాతం శ్లాబులో ఉన్న ఒక ఉపాధ్యాయిని ఉన్నారనుకుందాం. ఫిబ్రవరి జీతం బిల్లుతో పన్ను లెక్క ఇవ్వాలి. జీపీఎఫ్, బీమా కోతలన్నీ కలిపి 90,000 అయ్యాయి. మిగిలిన 60,000ను జనవరిలో 7 శాతానికి, మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలిసే పద్ధతిలో పన్ను ఆదా డిపాజిట్ వేశారు. సెస్సుతో కలిపి 20.8 శాతం చొప్పున ఆమెకు 12,480 రూపాయల పన్ను తగ్గింది. అయిదేళ్లకు సొమ్ము దాదాపు 84,887 అవుతుంది. అందులో వడ్డీ 24,887. దాని మీద అదే శ్లాబు లెక్కన పన్ను సుమారు 5,176. లాభం లాభమే, కాని అనుకున్నంత కాదు.

ఆ పన్ను ఎప్పుడు కట్టాలన్నదే చాలామంది తడబడే చోటు. చేతికి వచ్చినప్పుడు చూపిస్తారా, ఏటా జమ అయినప్పుడు చూపిస్తారా అన్నది పన్ను చెల్లించేవారి లెక్కల పద్ధతిని బట్టి ఉంటుందని స్కీమే చెబుతోంది. పైసా చేతికి రాకపోయినా బ్యాంకు మాత్రం ఏటా జమపడిన వడ్డీని పన్ను శాఖకు తెలియజేస్తుంది. మొదటి పన్నెండు నెలల వడ్డీ 4,312, అయిదో పన్నెండు నెలలది 5,691. ఏటా చూపితే చిన్న చిన్న మొత్తాలు. చివర్లో ఒక్కసారే చూపితే 24,887 ఒకే ఏడాది ఆదాయంలో పడుతుంది, పైగా వెనకటి ఏళ్ల రిటర్నులు బ్యాంకు చెప్పిన అంకెలతో సరిపోలవు. ఏటా చూపడమే నయం.

టీడీఎస్‌ది మరో చిక్కు. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే, వయోవృద్ధులకు లక్ష దాటితే, మూలంలోనే పన్ను కోస్తారు. ఈ ఒక్క డిపాజిట్‌తో ఆ గీత దాటరు. అదే బ్యాంకులో ఉన్న మిగతా డిపాజిట్లన్నీ కలిపి చూస్తారు కనుక దాటవచ్చు. అప్పుడు కోసిన మేర అసలులో కలిసే వడ్డీ తగ్గి, రసీదు మీద రాసిన మెచ్యూరిటీ మొత్తం కంటే తక్కువ వస్తుంది. బ్యాంకు తప్పు చేసిందని గొడవపడేవాళ్లలో చాలామంది సంగతి ఇదే. టీడీఎస్ పడలేదంటే పన్ను లేదని కాదు. జాతీయ పొదుపు పత్రం వడ్డీని తిరిగి మదుపు చేసినట్టు భావించి దానికీ మినహాయింపు ఇస్తారు. ఈ డిపాజిట్ వడ్డీకి ఆ సదుపాయం లేదు. పాత విధానంలో ఉన్న వయోవృద్ధులు మాత్రం 80టీటీబీ కింద 50,000 దాకా వడ్డీని తగ్గించుకోవచ్చు.

కౌంటరు దగ్గర జరిగే మరో పొరపాటు, ‘అయిదేళ్లకు వేయండి’ అని మాత్రమే చెప్పడం. మామూలు ఎఫ్‌డీ అయిదేళ్లదైనా దానికి మినహాయింపు లేదు. రసీదు మీద పన్ను ఆదా పథకమని, 2006 స్కీము పేరో 80సీ ప్రస్తావనో ఉందో లేదో అక్కడే చూసుకోవాలి. జాయింటుగా వేస్తే మినహాయింపు మొదటి పేరుగలవారికే. డబ్బు భర్తదై మొదటి పేరు భార్యదైతే ఆయన లెక్కలో అది రాదు.

తాళం తెరుచుకునే సందర్భం ఒకటుంది. డిపాజిటుదారు చనిపోతే నామినీ గడువుకు ముందైనా సొమ్ము తీసుకోవచ్చు. అందుకే నామినీ గడిని ఖాళీగా వదిలేయకూడదు. బ్రాంచి మార్చుకోవడం కూడా అదే బ్యాంకులో కుదురుతుంది, వేరే బ్యాంకుకు కాదు.

2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్టు అయింది. అందులో 80సీ లేదు. పాత విధానంలో మినహాయింపు పొంది తర్వాత కొత్తదానికి మారినవారి డిపాజిట్ అయిదేళ్లూ అలాగే ఉండిపోతుంది, పొందిన మినహాయింపూ పోదు. కొత్త విధానంలో ఉంటూ అలవాటు కొద్దీ ఈ డిపాజిట్ వేసినవారికి మాత్రం మినహాయింపు రాదు, తాళం పడుతుంది. దాన్ని మామూలు ఎఫ్‌డీగా మార్చమన్నా బ్యాంకు మార్చలేదు.