ఎప్సిలాన్ ముందు, డెల్టా తరువాత

అవిచ్ఛిన్నత అంటే గీత తెగకుండా సాగడం అని అందరికీ తెలుసు. కానీ నిరూపించమంటే ‘తెగకుండా’ అన్న మాట ఎందుకూ పనికిరాదు. ఈ చిక్కుతో గణితజ్ఞులు చాలాకాలం కుస్తీ పట్టారు.

ప్రాగ్‌లో బోల్జానో 1817లోనే తేడా ఎంత తక్కువ కావాలంటే అంత తక్కువ చేయగలగడమే అవిచ్ఛిన్నత అన్నాడు. ఆ రచనను ఎక్కువమంది పట్టించుకోలేదు. 1821లో పారిస్‌లో కోషీ, x లో అత్యల్పమైన మార్పు వస్తే ప్రమేయంలోనూ అత్యల్పమైన మార్పే రావాలన్నాడు. 1823 నాటి పాఠాల్లో ఒక నిరూపణకు ε, δ అక్షరాలు వాడాడు. ε అన్నది ‘పొరపాటు’కు ఫ్రెంచి మాట ‘ఎరర్’లోని తొలి అక్షరం నుంచి వచ్చి ఉంటుందని చరిత్రకారిణి జుడిత్ గ్రేబినర్ అభిప్రాయం. చివరికి 1861లో బెర్లిన్‌లో వైయర్‌స్ట్రాస్ చెప్పిన పాఠాల్లో ‘అత్యల్పం’ పోయి అసమానతలు వచ్చాయి. ఆ సంగతి శిష్యుడు ష్వార్ట్జ్ రాసుకున్న నోట్సు వల్ల తెలిసింది.

ఆ నిర్వచనంలో వరుసే ప్రాణం. ఎదుటివాడు ముందు ε ఇస్తాడు, అంటే ఎంత తేడాను సహిస్తాడో చెబుతాడు. దానికి తగిన δ మనం చూపాలి.

f(x) = x² − 3x + 5 ను x = 2 దగ్గర చూద్దాం. f(2) = 3. తేడాను కారణాంకాలుగా విడదీస్తే:

f(x) − 3 = x² − 3x + 2 = (x − 1)(x − 2)

|x − 2| మన చేతిలో ఉంది. ఇబ్బంది |x − 1| తోనే. δ = ε/|x − 1| అని రాసేవాళ్లు చాలామంది. అది చెల్లదు, ఎందుకంటే x ను చూడకముందే δ ను నిర్ణయించాలి. అందుకే ముందుగా |x − 2| < 1 అని కంచె వేసుకుంటాం. అప్పుడు 1 < x < 3 కనుక |x − 1| < 2. ఇక ε/2 చాలు.

చిత్తు పని అయింది. సాపు ప్రతి ఇలా ఉంటుంది:

ε > 0 ఇచ్చారనుకుందాం. δ = min(1, ε/2) అని తీసుకుందాం. |x − 2| < δ అయితే, δ ≤ 1 కనుక |x − 1| < 2. అందువల్ల
|f(x) − 3| = |x − 1||x − 2| ≤ 2|x − 2| < 2δ ≤ ε.

ఆ 1 ఎందుకని అడిగితే, ε = 10 తో చూడండి. కంచె లేకపోతే δ = 5 అవుతుంది. x = 6.9 వేస్తే తేడా 5.9 × 4.9 = 28.91, పది ఎప్పుడో దాటిపోయింది. కంచె ఉంటే δ = 1, తేడా 2 లోపే.

చిత్తులో చివరికి దొరికిన δ, సాపు ప్రతిలో ε వెంటనే వస్తుంది. అందుకే చదివేవారికి అది ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. రాసేవారు మాత్రం చిత్తు కాగితాన్ని చివరిదాకా పారేయకూడదు.