బెదిరింపు మెసేజ్ వస్తే డిలీట్ చేయకండి: స్క్రీన్‌షాట్ సాక్ష్యంగా నిలబడాలంటే ఏం చేయాలి

ఇది చాలా ఇళ్లలో జరిగే విషయమే కాబట్టి ఒక ఉదాహరణ అనుకుందాం. కర్నూలులో డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి. 2025 మార్చి 12, రంజాన్ నెల. రాత్రి 11.40కి తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో ఆరు మెసేజ్‌లు వచ్చాయి. "నీ ఫోటో మార్ఫింగ్ చేసి పెట్టాను, వీడియో కాల్ ఎత్తకపోతే మీ చుట్టాల గ్రూపులో వేస్తా" అని. సహరీకి లేచినప్పుడు ఆమె వాటిని చూసింది, ఏడుస్తూ అమ్మీకి చూపించింది. అమ్మీ మొదట అన్న మాట: "తీసెయ్ బేటీ, మీ అబ్బా చూస్తే ఇంకేమన్నా ఉందా!" అన్నయ్య మాత్రం ఆ నంబరుకి ఫోన్ చేసి బండబూతులు తిట్టాలని కూర్చున్నాడు.

ఇద్దరి కోపమూ భయమూ అర్థమయ్యేవే. కానీ ఆ పది నిమిషాల్లో చేసే పనులే కేసు నిలుస్తుందా లేదా అన్నది తేలుస్తాయి. డిలీట్ చేస్తే అమ్మాయి ఫోన్లో ఉన్న అసలు సాక్ష్యం పోతుంది. అన్నయ్య తిడితే ఆ తిట్లు అవతలివాడి చేతిలో సాక్ష్యం అవుతాయి. ఒకవేళ ఇప్పటికే తిట్టి ఉంటే దాన్నీ తీసేయకండి. మధ్యలో మెసేజ్‌లు మాయమైన చాట్ చూపిస్తే, "నాకు అనుకూలంగా ఏరుకుని చూపిస్తున్నారు" అని ఎదుటి వకీలు అంటాడు.

"Yesterday" అంటే ఏ రోజు?

ఆ అమ్మాయి తెల్లవారుజామున 4.32కి స్క్రీన్‌షాట్ తీసింది. అందులో మెసేజ్ పక్కన 11:40 PM అని ఉంది, పైన "Yesterday" అని ఉంది. ఫోన్ పైభాగంలో టైము 4:32 అని ఉంది. తేదీ మాత్రం ఎక్కడా లేదు! నెల తర్వాత ఆ బొమ్మ చూసినవాళ్లకి "నిన్న" అంటే ఏ నిన్నో తెలియదు.

వాట్సాప్ కొత్త మెసేజ్‌ల మీద తేదీ బదులు Today, Yesterday అని చూపిస్తుంది, ఆ తర్వాత కొన్ని రోజులు వారం పేరు చూపిస్తుంది, ఇంకొంచెం పాతబడ్డాకే పూర్తి తేదీ వేస్తుంది. అందుకని వెంటనే ఒక స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకుండా, పూర్తి తేదీ కనిపించడం మొదలయ్యాక అదే చాట్‌ను మళ్లీ ఒకసారి తీయండి. మొదటిది మాత్రం పారేయొద్దు, ఎందుకంటే మధ్యలో అవతలివాడు మెసేజ్‌లు తీసేయవచ్చు. వాట్సాప్‌లో పంపినవాడు దాదాపు రెండున్నర రోజుల దాకా "అందరికీ డిలీట్" చేయగలడు. అలా చేస్తే డిలీట్ అయినట్టు ఒక గుర్తు మిగులుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే Unsend నొక్కితే ఆ గుర్తు కూడా మిగలదు.

రెండో లోపం పేరుది. ఆ అమ్మాయి కంగారులో ఆ నంబరుని "బద్మాష్" అని సేవ్ చేసుకుంది. స్క్రీన్‌షాట్‌లో పైన ఆ పేరే కనిపిస్తుంది, నంబరు కాదు. ఎవరి నంబరునైనా ఎవరి పేరుతోనైనా సేవ్ చేసుకోవచ్చు కదా, అందుకే పేరు ఒక్కటే కనిపించే స్క్రీన్‌షాట్‌కి విలువ తక్కువ. చాట్ పైనున్న పేరు మీద నొక్కితే నంబరు +91తో సహా కనిపించే పేజీ వస్తుంది. దాన్ని కూడా స్క్రీన్‌షాట్ తీయాలి. ప్రొఫైల్ ఫోటోని స్క్రీన్‌షాట్ తీయడం, ఒక్కసారే చూడగలిగేలా పంపిన ఫోటోని తీయడం వాట్సాప్ అనుమతించకపోవచ్చు. అలాంటప్పుడు ఇంట్లో ఇంకో ఫోన్‌తో తెరను ఫోటో తీసుకోండి.

వీటన్నిటికంటే నమ్మకంగా ఉండేది స్క్రీన్ రికార్డింగ్. హోమ్ స్క్రీన్ దగ్గర మొదలుపెట్టి, ఫోన్ క్యాలెండర్ ఒకసారి తెరిచి తేదీ చూపించి, వాట్సాప్ తెరిచి, ఆ చాట్‌లోకి వెళ్లి, పై నుంచి కింద దాకా నెమ్మదిగా జరుపుతూ, చివర్లో నంబరు ఉన్న పేజీ చూపించి ఆపండి. ఆపకుండా ఒకే రికార్డింగ్ కావాలి. విడి స్క్రీన్‌షాట్‌ల మధ్య ఏదో దాచారన్న అనుమానానికి ఇందులో చోటు తక్కువ.

గ్రూపులో ఫార్వర్డ్ చేస్తే ఏం పోతుంది

స్క్రీన్‌షాట్ తీయగానే మనవాళ్లు చేసే పని, మామూకో పెద్దన్నకో వాట్సాప్‌లో పంపడం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అసలు ఫైలు పేరు ఇలా ఉంటుంది: Screenshot_20250313-043212.png. అందులోనే తేదీ, టైము ఉన్నాయి. అదే వాట్సాప్ ద్వారా మామూకి చేరాక IMG-20250313-WA0007.jpg లాంటి పేరుతో, సైజు తగ్గించిన వేరే ఫైలు అవుతుంది. ఇది ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు అన్న వివరం పోయింది. చూసేవాళ్లకి రెండూ ఒకేలా ఉంటాయి గానీ సాక్ష్యంగా రెండూ ఒకటి కావు.

పంపక తప్పకపోతే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మీ మెయిల్‌కే మీరు అటాచ్ చేసుకోండి. ఎర్ర గీతలు గీయడం, అంచులు కత్తిరించడం, ముఖం మీద నలుపు పూయడం వంటివి చేయాల్సి వస్తే కాపీ మీద చేయండి. అసలు ఫైలు ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

మార్ఫింగ్ ఫోటో విషయంలో ఇంకా జాగ్రత్త. అసభ్యమైన ఫోటోని "చూడండి ఎంత దుర్మార్గమో" అని గ్రూపులో వేసినా అది పంచినట్టే అవుతుంది. ఫోటోలో ఉన్నది 18 ఏళ్ల లోపు పిల్లలైతే కాపీలు అసలే తీయకండి, ఎవరికీ పంపకండి. ఆ ఫోన్‌తోనే నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లండి.

చాట్ మొత్తాన్ని బయటికి తీయడానికి వాట్సాప్‌లోనే దారి ఉంది. ఆండ్రాయిడ్‌లో ఆ చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, More, తర్వాత Export chat నొక్కి మీ మెయిల్‌కి పంపుకోవాలి. ఇందులో ప్రతి మెసేజ్ ముందు పూర్తి తేదీ, టైము వస్తాయి, "Yesterday" గొడవ ఉండదు. అయితే అది మామూలు టెక్స్ట్ ఫైలు, ఎవరైనా దిద్దగలరు. కాబట్టి అది ఒక్కటే సరిపోదు, స్క్రీన్‌షాట్‌లకీ ఫోన్‌కీ తోడుగా పనికొస్తుంది. అవతలివాడు Advanced chat privacy ఆన్ చేసి ఉంటే ఎక్స్‌పోర్ట్ కాదు. అప్పుడు స్క్రీన్ రికార్డింగే గతి.

మరుసటి రోజు ఆ అమ్మాయి పేరూ ఫోటోతో ఇన్‌స్టాగ్రామ్‌లో నకిలీ అకౌంట్ కనిపించింది అనుకుందాం. ఇక్కడ స్క్రీన్‌షాట్ కంటే లింకు ముఖ్యం. ఆ ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి లింకు కాపీ చేసుకుని, తేదీ టైముతో రాసి పెట్టుకోండి. ప్రతి పోస్టు లింకు కూడా విడిగా తీసుకోండి. పేరు ఎప్పుడైనా మార్చేయగలరు కాబట్టి ఆలస్యం చేయకండి. మెసేజ్‌ల టైము మామూలుగా కనిపించదు, చాట్‌ను వేలితో ఎడమవైపు లాగితే కనిపిస్తుంది. అలా లాగి పట్టుకుని స్క్రీన్‌షాట్ తీయాలి, ఇంకొకరి సాయం ఉంటే సులువు.

ఇవన్నీ దాచుకున్న తర్వాతే రిపోర్ట్, బ్లాక్. వాట్సాప్‌లో రిపోర్ట్, బ్లాక్ చేసేటప్పుడు చాట్ కూడా తీసేయమనే టిక్ గుర్తు ఉండొచ్చు, దాన్ని తీసేసి ముందుకు వెళ్లండి. కంపెనీ అకౌంట్‌ని తీసేస్తే మనకు కనిపించదు గానీ, 2021 ఐటీ నిబంధనల ప్రకారం తొలగించిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు భద్రపరచాలి. అంటే ఫిర్యాదు ఆరు నెలలు నానబెడితే ఆ దారి కూడా మూసుకుపోవచ్చు. 2021 జులైలో "సుల్లీ డీల్స్", 2022 జనవరిలో "బుల్లీ బాయి" పేర్లతో ముస్లిం మహిళల ఫోటోలు వేలానికి పెట్టినట్టు పెట్టారు కదా, ఆ పేజీలు గిట్‌హబ్ నుంచి త్వరగానే తీసేశారు. అంతలోపు తీసుకున్న స్క్రీన్‌షాట్‌లతోనే బాధితులు ఫిర్యాదులు చేశారు.

కోర్టు అడిగేది: ఫోనా, సర్టిఫికెటా?

2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఒకప్పుడు 65బి అని వకీళ్లు అనే సర్టిఫికెట్ ఇప్పుడు సెక్షన్ 63 కిందికి వచ్చింది. స్క్రీన్‌షాట్ ప్రింటో, పెన్‌డ్రైవో ఇస్తే దానితోపాటు ఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇందులో రెండు భాగాలు. మొదటిది ఫోన్ వాడే మనిషి నింపేది: ఏ ఫోన్, ఏ మోడల్, ఐఎంఈఐ నంబరు ఎంత, ఎలా తీశారు అన్నవి. రెండోది నిపుణుడు నింపేది. ఐఎంఈఐ కోసం ఫోన్‌లో *#06# నొక్కితే చాలు, ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఆ ఫారంలో హ్యాష్ విలువ కూడా అడుగుతారు. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర లాంటిది. ఫైలు పేరు మార్చినా అది మారదు, లోపల ఒక్క చుక్క మార్చినా పూర్తిగా మారిపోతుంది. అసలు ఫైలును కేబుల్‌తో విండోస్ కంప్యూటర్‌లోకి తెచ్చి, ఆ ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది టైప్ చేయాలి:

```
certutil -hashfile Screenshot_20250313-043212.png SHA256
```

వచ్చిన 64 అక్షరాల వరుసను ఆరోజే కాపీ చేసి మీ మెయిల్‌కే పంపుకోండి. తర్వాత ఎప్పుడైనా "ఇది దిద్దారు" అంటే మళ్లీ లెక్కేసి చూపించవచ్చు. కానీ ఒక పరిమితి ఉంది. హ్యాష్ లెక్కేసిన రోజు నుంచి ఫైలు మారలేదని మాత్రమే అది చెబుతుంది, అంతకుముందు ఏం జరిగిందో చెప్పదు. అందుకే మొదటి రోజే చేయడం.

మెసేజ్ వచ్చిన అసలు ఫోన్‌నే తెచ్చి, దాని యజమాని సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అవసరం లేదని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు పాత చట్టం కింద చెప్పింది. కాబట్టి ఆ ఫోన్‌ని మార్పిడికి ఇవ్వకండి, రీసెట్ చేయకండి, పగిలినా పారేయకండి. ఫోన్లో ఇంటి ఆడవాళ్ల ఫోటోలు ఉన్నాయని చాలామంది ఇవ్వడానికి జంకుతారు. అది న్యాయమైన భయమే. దానికోసం ఫిర్యాదు ముందు గబగబా ఫోన్ ఖాళీ చేస్తే మాత్రం అనుమానం మన మీదికే వస్తుంది. ఏ చాట్ కావాలో దర్యాప్తు అధికారితో మాట్లాడండి, ఫోన్ తీసుకుంటే ఐఎంఈఐ రాసిన రసీదు అడగండి.

ఫిర్యాదు cybercrime.gov.in లో చేయవచ్చు. పేరు చెప్పకుండా ఇచ్చే దారి ఉంది గానీ, అలా ఇస్తే తర్వాత ఏమైందో మనం చూసుకోలేం. స్టేషన్‌కి వెళ్తే ఏ స్టేషన్ అయినా ఫిర్యాదు తీసుకోవాలి, "మా పరిధి కాదు" అనడం కుదరదు. వెంటపడి వేధించడం, అంటే కొత్త నేర చట్టంలోని సెక్షన్ 78, లాంటి కేసుల్లో అమ్మాయి చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలి. ఆమెతో అమ్మీనో అత్తనో వెళ్లి, అసలు ఫోన్, ప్రింట్లు, లింకుల కాగితం, హ్యాష్ రాసిన కాగితం, ఎప్పుడు ఏం వచ్చిందో తేదీలవారీగా రాసిన ఒక పేజీ ఇస్తే సరిపోతుంది. అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు రాసుకుని రండి.