'అయిపోయింది' అంటే ఏమిటి? – టెస్టర్ ఎటు వెళ్ళి ఎలా తిరిగొచ్చాడు

మన వృత్తిలో అన్నిటికన్నా ఖరీదైన అబద్ధం "అయిపోయిందండీ" అన్న మాట. డెవలపర్ అన్నప్పుడు దానికి కోడ్ చెకిన్ అయిందని అర్థం. టెస్టర్ చెవికి "ఇక నీ వంతు" అని వినిపిస్తుంది. క్లయింటు "రేపటి నుంచి వాడుకోవచ్చు" అనుకుంటాడు. ఒక్క మాటకి ఈ మూడర్థాలు ఎలా వచ్చాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

టెస్టింగ్ మొదటినుంచీ చివర్లోనే ఉండేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1960ల మొదట్లో నాసా మెర్క్యురీ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్‌ని పూటకో ఇటరేషన్ చొప్పున రాశారు. ఒక్కో చిన్న ముక్క మొదలుపెట్టే ముందే దానికి టెస్టులు రాసి పెట్టుకునేవాళ్ళు. మనం 2000ల్లో కొత్తగా నేర్చుకున్నామని మురిసిపోయిన పద్ధతి అంత పాతదన్నమాట.

మరి గోడ ఎప్పుడు లేచింది? 1970లో విన్‌స్టన్ రాయిస్ పెద్ద సాఫ్ట్‌వేర్ల నిర్వహణ మీద ఒక పేపర్ రాశాడు. అందులో రిక్వైర్‌మెంట్లు, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ మెట్లుమెట్లుగా దిగే బొమ్మ ఒకటుంది. తర్వాత 'వాటర్‌ఫాల్' అని పేరు పడింది దానికే. తమాషా ఏమిటంటే, ఆ బొమ్మ వేసి రాయిస్ చెప్పింది "ఇలా చేస్తే ప్రమాదం" అనే! సిస్టమ్ వేగం, మెమరీ, ఇన్‌పుట్ అవుట్‌పుట్ల సంగతి మొదటిసారి నిజంగా తెలిసేది ఆఖరి మెట్టు మీద. అక్కడ దెబ్బ తింటే మళ్ళీ డిజైన్ దాకా ఎక్కాలి, ఖర్చు రెట్టింపు కావచ్చు అన్నాడు. జనం బొమ్మ తీసుకున్నారు, కింద రాసింది వదిలేశారు.

1979లో గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ టెస్టింగ్ మీద పుస్తకం రాస్తూ, ప్రోగ్రామర్ తన ప్రోగ్రామ్‌ని తనే టెస్ట్ చేసుకోకూడదన్నాడు. కట్టినవాడికి కూల్చే మనసు రాదు, పైగా తను తప్పుగా అర్థం చేసుకున్నదాన్నే టెస్టులోనూ రాస్తాడు. ఇది ఇవాళ్టికీ నిజమే. కానీ కంపెనీలు దీన్ని వేరే కళ్ళు అని కాకుండా వేరే డిపార్ట్‌మెంటు, వేరే ఫ్లోరు, వేరే తేదీ అని చదువుకున్నాయి. మన దగ్గర ఇంకో అడుగు ముందుకేసి వేరే కంపెనీ అన్నాం. 2001లో మొదలైన యాప్‌ల్యాబ్స్, హైదరాబాదులో పెద్ద కేంద్రం పెట్టుకుని, టెస్టింగే వ్యాపారంగా ఎదిగింది. 2011లో దాన్ని సీఎస్‌సీ కొనేసింది. ఆ నమూనా వల్ల టెస్టింగ్ అనేది సొంత విద్య ఉన్న ఉద్యోగమని మనవాళ్ళకి గుర్తింపు వచ్చింది. అది చిన్న విషయం కాదు.

సరిగ్గా ఆ కాలంలోనే అటువైపు గోడ కూలడం మొదలైంది. క్రైస్లర్ కంపెనీ జీతాల సిస్టమ్ కోసం నడిచిన సీ3 ప్రాజెక్టులో 1996 నుంచి కెంట్ బెక్, రాన్ జెఫ్రీస్ వాళ్ళు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌ని రూపుదిద్దారు. 1997లో ఆ సిస్టమ్ సుమారు 10,000 మందికి జీతాలు లెక్కకట్టడం మొదలెట్టింది. (2000లో ప్రాజెక్టుని ఆపేశారు, అదీ చెప్పాలి.) అక్కడ యూనిట్ టెస్టులు ప్రోగ్రామర్లవి, ఫంక్షనల్ టెస్టులు కస్టమర్‌వి. కస్టమర్ మనసులో ఉన్నదాన్ని టెస్టుగా మార్చడంలో సాయపడటం టెస్టర్ పని. ఆ ఫంక్షనల్ టెస్టులకే తర్వాత 'యాక్సెప్టెన్స్ టెస్టులు' అని పేరు మార్చారు. 2001లో జెఫ్రీస్ యూజర్ స్టోరీకి మూడు భాగాలన్నాడు: కార్డు, సంభాషణ, నిర్ధారణ. మనం ఇప్పుడు 'యాక్సెప్టెన్స్ క్రైటీరియా' అంటున్నది ఆ మూడోదే.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. స్టోరీ: "బస్సు టికెట్ రద్దు చేస్తే డబ్బు వెనక్కి రావాలి." ప్రయాణానికి 24 గంటల ముందైతే 90 శాతం, 4 గంటల ముందు దాకా 50 శాతం, ఆ తర్వాత సున్నా. డెవలపర్‌కి ఇది చాలు, కోడ్ మొదలెట్టేస్తాడు. పక్కన టెస్టర్ ఉంటే ఒక్కటే అడుగుతుంది: "సరిగ్గా 24 గంటలుంటే? బస్సే రెండు గంటలు లేటైతే, పాత టైము లెక్కా, కొత్త టైము లెక్కా?" ప్రోడక్ట్ ఓనర్‌కీ వెంటనే జవాబు తెలీదు. ఆ ప్రశ్న కోడ్ రాయకముందు వస్తే ఐదు నిమిషాల మాట. రిలీజయ్యాక వస్తే డబ్బు గొడవ. 2002లో వార్డ్ కన్నింగ్‌హామ్ తెచ్చిన ఫిట్ అనే పనిముట్టు ఈ సంభాషణని నేరుగా నడిచే పట్టికగా మార్చింది. దాని మీద కట్టిన ఫిట్‌నెస్‌లో ఇలా ఉంటుంది:

```
!|RefundFixture|
|hoursLeft|fare|refund()|
|25|1000|900|
|24|1000|900|
|23|1000|500|
|3|1000|0|
```

రెండో వరుస, అంటే 24 ఉన్నది, టెస్టర్ అడిగిన ప్రశ్నకి జవాబు. కోడ్‌లో `>=` బదులు `>` రాస్తే ఆ గడి ఎర్రబడుతుంది.

క్రైటీరియా ఒక్కో స్టోరీకి వేరు. 'డెఫినిషన్ ఆఫ్ డన్' మాత్రం అన్ని స్టోరీలకీ ఒకటే: కోడ్ రివ్యూ అయింది, యాక్సెప్టెన్స్ టెస్టులు పాసయ్యాయి, పాత ఫీచర్లు చెడలేదు, ఇలా. 2010 నాటి మొదటి స్క్రమ్ గైడ్ నుంచీ 'డన్' గురించి ఉంది. 2020 గైడ్ ఇంకా కచ్చితంగా చెప్పింది: ఈ నిర్వచనానికి సరిపోనిదాన్ని రిలీజ్ చేయకూడదు సరికదా, స్ప్రింట్ రివ్యూలో చూపించనూ కూడదు, తిరిగి బ్యాక్‌లాగ్‌లోకే.

మరి మన దగ్గర ఏం జరుగుతుంది? పది పనిదినాల స్ప్రింటు, ఆరు స్టోరీలు అనుకోండి. డెవలపర్లు ఆరూ ఒకేసారి మొదలెడతారు. ఎనిమిదో రోజు సాయంత్రం ఆరూ కలిసి టెస్టర్ల నెత్తిన పడతాయి. తొమ్మిదో రోజు బగ్గులు, పదో రోజు హడావుడి ఫిక్సులు, వాటిని మళ్ళీ టెస్ట్ చేసే టైమే ఉండదు. రాయిస్ బొమ్మనే రెండు వారాల్లో కుక్కామన్నమాట! కనిపెట్టడం తేలిక: బర్న్‌డౌన్ గీత ఎనిమిదో రోజు దాకా కదలదు. దీనికి విరుగుడని టెస్టింగ్‌ని తర్వాతి స్ప్రింటులోకి తోస్తే, బగ్ తిరిగొచ్చేసరికి డెవలపర్ బుర్ర వేరే స్టోరీలో ఉంటుంది. టెస్టర్ హైదరాబాదులో, డెవలపర్ అమెరికా తూర్పు తీరంలో ఉంటే ఇంకా కష్టం. ఇక్కడ ఉదయం పది, అక్కడ అర్ధరాత్రి. ఒక్కో ప్రశ్నకీ ఒక రోజు ఖర్చు.

అసలు మందు చేదుగా ఉంటుంది: ఒకేసారి రెండు స్టోరీలకి మించి తెరవకూడదు. మూడో రోజుకే మొదటిది పూర్తిగా, టెస్టింగ్‌తో సహా అయిపోవాలి. అందుకోసం ఒక డెవలపర్ కొత్త కోడ్ మానేసి టెస్టులు ఆటోమేట్ చేయాల్సి రావచ్చు. మేనేజరుకి అది "ఖాళీగా ఉన్నాడు" లా కనిపిస్తుంది. చాలా టీముల్లో మందు ఆగేది అక్కడే.

అన్నీ స్ప్రింటులో పట్టవన్నదీ ఒప్పుకోవాలి. పెద్ద లోడ్ టెస్టు, వేరే కంపెనీ పేమెంట్ గేట్‌వేతో పూర్తి అనుసంధానం లాంటివి కొన్నిసార్లు బయటే ఉంటాయి. అలాంటప్పుడు 'డన్'లో ఇవి లేవని గోడ మీద రాసి పెట్టడమే నిజాయితీ. లేకపోతే ఆ పని మాయమవదు, రిలీజ్ ముందు రోజు రాత్రి ప్రత్యక్షమవుతుంది.

స్క్రమ్ గైడ్‌లో 'టెస్టర్' అన్న పేరే లేదు కాబట్టి టెస్టర్లు అక్కర్లేదని కొందరు తేల్చేశారు. నాకది మళ్ళీ బొమ్మ చూసి కింద రాసింది చదవకపోవడంలాగే అనిపిస్తుంది. మైయర్స్ అడిగింది వేరే కళ్ళని. ఎజైల్ అడిగింది ఆ కళ్ళు పక్క కుర్చీలో ఉండాలని. రెంటికీ పేచీ లేదు. ఈసారి స్టాండప్‌లో ఎవరైనా "అయిపోయింది" అంటే, "24 గంటల వరుస పచ్చగా ఉందా?" అని అడిగి చూడండి.