మూతి ముందు, వెడల్పు తరువాత: చెరువు ఫొటోల్లో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు గుర్తింపు

నాగార్జునసాగర్ కుడి కాలువ నీటితో నిండే చెరువుల్లోనూ, పత్తి, మిర్చి చేలలో తవ్వుకున్న పంట కుంటల్లోనూ గుంటూరు, ప్రకాశం రైతులు వదిలే పిల్లల్లో మూడు రకాలు తరచుగా కనిపిస్తాయి. అవి బొచ్చె (కట్ల), శీలావతి (రోహు), ఎర్రమోసు (మ్రిగాల్). వల లాగినప్పుడు తీసిన ఫొటో చూసి ఇందులో ఏది ఏదో చెప్పమంటే, చాలామంది ఒంటి వెడల్పు చూసి చెబుతారు. వెడల్పు సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుంది, మూతి సాక్ష్యం ఎక్కడ అవసరమవుతుంది అనేదే ఈ వ్యాసం పరిశీలించే విషయం. ఇక్కడ 'వెడల్పు' అంటే వీపు నుంచి పొట్ట దాకా ఉండే కొలత. చేపను పైనుంచి చూస్తే కనిపించే మందం కాదు.

1. పేర్ల గురించి. ఈ మూడు చేపలనూ ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో అచ్చువేసిన గంగానది చేపల గ్రంథంలో వర్ణించాడు. మూడింటినీ అప్పట్లో సిప్రినస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. తరువాతి కాలంలో వర్గీకరణ మారింది. శీలావతి విషయంలో పేచీ లేదు, అది లేబియో రోహిటా. బొచ్చెను కొందరు కట్ల కట్ల అనీ, మరికొందరు లేబియో కట్ల అనీ రాస్తున్నారు. ఎర్రమోసు విషయం ఇంకా చిక్కు. సిర్రినస్ మ్రిగాల అనే పేరు వాడుకలో ఉండగా, బ్లాక్ 1795లోనే వర్ణించిన సిర్రినస్ సిర్రోసస్, ఇది ఒకటేనని ఒక వర్గం శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దక్షిణాది నదుల సిర్రోసస్ వేరని ఇంకో వర్గం అంటుంది. అందువల్ల పాత పుస్తకంలోని మీసాల వర్ణనను నేటి హేచరీ చేపకు అన్వయించే ముందు, ఆ రచయిత ఏ చేపను చేతబట్టుకుని రాశాడో చూసుకోవడం మంచిది.

2. వెడల్పు సాక్ష్యం. బొచ్చె ఒళ్లు పొట్టిగా, లోతుగా ఉంటుందని వర్ణనలన్నీ దాదాపు ఏకగ్రీవంగా చెబుతాయి. మూతి కొస నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవును (తోక రెక్కను కలపకుండా) వెడల్పుతో భాగిస్తే, సాధారణంగా 2.5 నుంచి 3 మధ్య వస్తుంది. ఎర్రమోసు సన్నగా, నీటిని కోసుకుపోయే ఆకారంలో ఉంటుంది. దాని వెడల్పు ఇంచుమించు తల పొడవంత. శీలావతి ఓ మోస్తరు పొడుగైన చేప, పొట్ట గీత కంటే వీపు గీత ఎక్కువ వంపు తిరిగి ఉంటుంది.

ఇప్పుడు ఉదాహరణకు, చెరువు గట్టున టార్పాలిన్ మీద రెండు చేపలు పడుకోబెట్టి తీసిన ఒక ఫొటో ఉందనుకుందాం. తెరమీద కొలిస్తే మొదటిదాని పొడవు 1,150 చుక్కలు, వెడల్పు 410. నిష్పత్తి 2.8, కనుక బొచ్చె పరిధిలోనిది. రెండోది 1,190, 340. నిష్పత్తి 3.5, కనుక బొచ్చె అయ్యే అవకాశం తక్కువ. కానీ శీలావతా, ఎర్రమోసా అని ఈ అంకె చెప్పదు. ఆ రెండింటి కొలతలు ఒకదానిమీదికొకటి వచ్చేస్తాయి.

ఈ అంకెకు ఇంకో బలహీనత ఉంది. రెండో చేప తోక కెమెరా నుంచి దూరంగా 30 డిగ్రీలు వాలి ఉంటే, ఫొటోలో పొడవు సుమారు 0.87 వంతుకు కుదించుకుపోతుంది. వెడల్పు మాత్రం అంతే ఉంటుంది. అప్పుడు 3.5 కాస్తా 3.0 అవుతుంది. అంటే అసలు చేప మారకుండానే బొచ్చె పరిధి అంచుకు చేరిపోతుంది. చేతితో ఎత్తి పట్టుకుని తీసిన ఫొటోల్లో ఈ వాలు ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది కాబట్టి, అలాంటి వాటిమీద వేసిన కొలతను అసలు లెక్కలోకి తీసుకోకపోవడమే క్షేమం.

చేప ఒంట్లోనే ఉండే మార్పులు కూడా ఉన్నాయి. వర్షాకాలం మొదట్లో గుడ్లు నిండిన ఆడ శీలావతి పొట్ట ఉబ్బి, వెడల్పు పెరుగుతుంది. మేత చాలని కుంటలో బొచ్చె పిల్ల తల పెద్దదిగా, ఒళ్లు చిక్కి కనిపిస్తుంది. అప్పుడు దాని నిష్పత్తి పెరిగి, పలచటి చేపగా పొరబడే వీలుంది. ఇక్కడ తల పరిమాణం ఉపయోగపడవచ్చు. ఒళ్లు చిక్కినా తల చిన్నది కాదు.

3. మూతి సాక్ష్యం. మూడింటిలో బొచ్చె మూతిని పొరబడటం కష్టం. నోరు వెడల్పుగా, పైకి తిరిగి ఉంటుంది. కింది దవడ ముందుకు పొడుచుకొస్తుంది. పై పెదవి దాదాపు లేనట్టే ఉండి, కింది పెదవి మాత్రం దళసరిగా ఉంటుంది. మీసాలు ఉండవు. పక్కనుంచి తీసిన ఫొటోలో మూతి గీత నుదుటి వైపు ఎక్కుతూ కనిపిస్తే, ఇతర గుర్తులు ఎదురు చెప్పనంత వరకు బొచ్చె అనుకోవచ్చు. తల కింది వైపు నుంచి తీసిన ఫొటో ఉంటే ఇంకొక గుర్తు కూడా దొరుకుతుంది. బొచ్చె కళ్లు కింది నుంచి చూసినా కనిపిస్తాయి. శీలావతి కళ్లు పైకి, పక్కకు ఉండటం వల్ల కింది నుంచి కనిపించవు.

శీలావతి ముక్కు కొస నోటిని దాటి ముందుకు వస్తుంది. నోరు చిన్నది, ముక్కు కింద ఉంటుంది. పెదవులు దళసరిగా, అంచులు కుచ్చులు కుట్టినట్టు ఉండి, లోపల ఇంకో మడత ఉంటుంది. మీసాలు ఒక జత, నోటి మూలన గాడిలో దాక్కుని ఉంటాయి కనుక ఫొటోలో కనిపించకపోతే లేవని నిర్ణయించకూడదు.

ఎర్రమోసు ముక్కు మొద్దుగా ఉంటుంది. నోరు వెడల్పుగా, అడ్డంగా చీల్చినట్టు ఉంటుంది. పై పెదవికి కుచ్చులు లేవు. అది కింది పెదవితో కలవదు, కింది పెదవి ఉందా లేదా అన్నంత అస్పష్టంగా ఉంటుంది. ఒక జత పొట్టి మీసాలు ముక్కు దగ్గర ఉంటాయి.

ఇక్కడ ఆకరాల మధ్య ఒక తేడా ఉంది. ఎర్రమోసు నోరు కొసన ఉందని కొన్ని, కొసకు కాస్త కింద ఉందని కొన్ని, ముక్కు కిందనే ఉందని మరికొన్ని చెబుతాయి. ఇది చేపలోని తేడా కంటే వర్ణించేవారి దృష్టి కోణంలోని తేడా అయి ఉండవచ్చు. నోరు మూసి ఉన్నప్పుడు ఒకలా, వలలో గిజగిజలాడి నోరు చాచినప్పుడు మరోలా కనిపిస్తుంది. శీలావతి నోరు తెరిస్తే పెదవులు కిందికి సాగుతాయి. ఆ స్థితిలో 'నోరు ఎక్కడుంది' అన్న ప్రశ్నకు ఫొటో నమ్మదగిన జవాబు ఇవ్వదు. అందుకే ఈ రెండింటి మధ్య నోటి స్థానం కంటే పెదవి అంచుకే ఎక్కువ విలువ ఇవ్వాలని తోస్తుంది. కుచ్చులు, లోపలి మడత ఉంటే శీలావతి. నునుపుగా, వెడల్పుగా ఉంటే ఎర్రమోసు.

4. మేత నుంచి ఊహించడం. బొచ్చె పైపొరలోను, శీలావతి నడిమి పొరలోను, ఎర్రమోసు అడుగునా మేస్తాయని శిక్షణ పుస్తకాలు చెబుతాయి. దీన్ని బట్టి మూతి కూడా వరుసగా పైకి, నడిమికి, కిందికి ఉంటుందని కొందరు సులువు సూత్రం చేసుకున్నారు. ఈ సూత్రం సగం మాత్రమే నిలుస్తుంది. పైకి తిరిగిన నోరు బొచ్చెకు సరిపోతుంది. కానీ నడిమి పొర చేపగా పేరున్న శీలావతి నోరు స్పష్టంగా ముక్కు కిందే ఉంది. కుచ్చు పెదవులతో అది కర్రలు, రాళ్లు, మొక్కల మీది పాచిని గీరుకుని తినగలదు. రంధ్రాలు చేసిన సంచుల్లో తవుడు నింపి కర్రలకు వేలాడదీసే ఆంధ్ర పద్ధతిలో శీలావతి సంచికి మూతి ఆనించి మేస్తుంది. పొర పేరు మేసే అలవాటుకు గుర్తు కావచ్చు గాని, మూతి దిశకు నిదర్శనం కాదు.

దీనికి ఒక అనుబంధం. తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గితే మూడు రకాలూ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ సమయంలో తీసిన ఫొటోలో నీటిపై కనిపించే నోళ్లన్నీ బొచ్చెలవేనని లెక్కగట్టడం పొరపాటు.

5. ముందస్తు సంభావ్యత. కృష్ణా, గోదావరి జిల్లాల్లోను, కొల్లేరు చుట్టూ 1980ల నుంచి విస్తరించిన పెంపకంలో శీలావతే అధిక భాగం. బొచ్చె దానికి తోడు. అడుగున ఉండి వలకు సులువుగా చిక్కని, ధర తక్కువ పలికే ఎర్రమోసును చాలామంది వదిలేశారు. ఆ ప్రాంతం నుంచి పిల్ల తెచ్చుకునే చోట పెదవి కనిపించని సన్నటి చేప శీలావతి అయ్యే అవకాశమే ఎక్కువ. అయితే మూడింటినీ కలిపి వదిలే కుంటల్లోనూ, వానకు చెరువులు పొంగి కలిసేచోటా ఈ లెక్క పనిచేయకపోవచ్చు. రంగును ఇక్కడ సాక్ష్యంగా తీసుకోవడం ఇంకా ప్రమాదం. నల్లరేగడి బురద కలిసిన నీటిలో చేప పాలిపోతుంది. ఎర్రమోసు రెక్కల నారింజ కొసలు కూడా మసకబారవచ్చు.

6. పొరబడే ఇతర చేపలు. వెండిచేప (సిల్వర్ కార్ప్) నోరు కూడా పైకే ఉంటుంది కాబట్టి బొచ్చెగా పొరబడతారు. పొలుసులు చూస్తే సందేహం తీరుతుంది. బొచ్చె పొలుసులు పెద్దవి, వెండిచేపవి చాలా చిన్నవి. గడ్డిచేప వీపు రెక్క పొట్టిది. బంగారుతీగ వీపు రెక్క బాగా పొడుగు, మీసాలు రెండు జతలు. నిజమైన ఇబ్బంది శీలావతి, బొచ్చెల సంకరంతో వస్తుంది. హేచరీల్లో రెండూ కలిసి గుడ్లు పెట్టినప్పుడు ఇలాంటి పిల్లలు పుడతాయి. వీటి వెడల్పు రెండింటి మధ్యస్థంగా ఉంటుంది, తల బొచ్చె కంటే చిన్నది, నోరు కొసకు దగ్గరగా ఉంటుంది. అలాంటి చేపకు ఫొటోతోనే ఒక పేరు పెట్టడం సాధ్యం కాకపోవచ్చు.

7. నిర్ణయం. పై సాక్ష్యాలను కలిపి చూస్తే, బొచ్చెను వేరుచేయడానికి వెడల్పు సాయపడుతుంది, మూతి దాన్ని ఖాయం చేస్తుంది. శీలావతి, ఎర్రమోసుల మధ్య వెడల్పు సాయం చేయదు. పెదవి కనిపించని ఫొటోను చూసి 'శీలావతి లేక ఎర్రమోసు' అని రాయడమే సరైన సమాధానం. ఫొటో పంపే రైతులకు మనవి: చేపను చదునైన పలక మీద పక్కకు పడుకోబెట్టి, నోరు మూసి, పక్కన స్కేలు ఉంచి నిట్టనిలువుగా పైనుంచి ఒక ఫొటో తీయండి. తరువాత చేపను వెల్లకిలా తిప్పి, మూతి కింది భాగాన్ని దగ్గరగా మరొకటి తీసి రెండూ కలిపి పంపండి.