కోస్ సిద్ధాంతం

ఒకరి పని వల్ల పొరుగువారికి పొగ, దుమ్ము, చప్పుడు వంటి ఇబ్బంది కలిగినప్పుడు, ఎవరి హక్కు ఏమిటో ముందే స్పష్టంగా తేలి ఉండి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఖర్చేమీ కాకపోతే, హక్కు ఎవరిదైనా సరే వాళ్ళు మొత్తం మీద తక్కువ నష్టమున్న ఏర్పాటుకే వస్తారని చెప్పే ఆర్థికశాస్త్ర సూత్రాన్ని కోస్ సిద్ధాంతం అంటారు. హక్కు ఎవరిదన్నదాన్ని బట్టి మారేది డబ్బు ఎవరి జేబులోంచి పోతుందన్నదే. బ్రిటన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ (1910–2013) 1960 నాటి వ్యాసం దీనికి మూలం. పేరు మాత్రం ఆయన పెట్టింది కాదు.

సూత్రం చిన్నదే అయినా లెక్క వేసి చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. వరి పండే ప్రాంతమైన కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు రైస్ మిల్లులు మామూలే కాబట్టి, అక్కడి ఒక మిల్లును ఊహించుకుందాం. అది ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు ఉడకబెట్టే బాయిలర్‌లో ఊకనే మండిస్తారు. చిమ్నీలోంచి లేచే నల్లటి బూడిద గాలివాటున పక్క ఇంటి డాబా మీద పడుతుంది. ఆ ఇంట్లోవాళ్ళు అప్పడాలు చేసి డాబా మీద ఆరబెట్టి కిరాణా కొట్లకు వేస్తారు. తడి అప్పడం మీద పడిన బూడిద దులిపితే పోదు, చారలా అంటుకుంటుంది. అలా వెనక్కి వచ్చే సరుకు వల్ల నెలకు 12,000 రూపాయల నష్టం అనుకుందాం. బాయిలర్ ఆపేస్తే మిల్లుకు నెలకు 50,000 పోతుంది. మిల్లు చిమ్నీకి బూడిద పట్టే యంత్రం బిగించవచ్చు. దాని కిస్తీ, కరెంటు కలిపి నెలకు 6,000. లేదా ఆ ఇంటివాళ్ళే డాబా మీద పారదర్శకమైన షీట్లతో ఎండ తగిలే షెడ్డు వేసుకోవచ్చు. దానికి నెలకు 3,500. ఈ అంకెలన్నీ లెక్క కోసం అనుకున్నవి.

బూడిద పడకుండా ఉండే హక్కు అప్పడాల ఇంటిదే అనుకుంటే, మిల్లు యజమాని తన యంత్రానికి 6,000 పెట్టడానికి బదులు పొరుగింటికి వెళ్ళి, "షెడ్డు ఖర్చు నాది, పైన ఇంకో వెయ్యి ఇస్తా, ఒప్పుకోండి" అంటాడు. 3,500కూ 6,000కూ మధ్య ఎక్కడో బేరం తెగుతుంది. బూడిద వదిలే హక్కు మిల్లుదే అయితే, 12,000 పోగొట్టుకోవడం కన్నా 3,500 ఖర్చు మేలని ఆ ఇంటివాళ్ళే షెడ్డు వేసుకుంటారు. ఎలా చూసినా చివరికి మిగిలేది షెడ్డే. మొదటి లెక్కలో ఖర్చు మిల్లుది, రెండో దాంట్లో ఇంటివాళ్ళది. న్యాయం మాటకొస్తే ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఊరి మొత్తానికి పడే వృథా ఖర్చు మాటకొస్తే తేడా లేదు.

కోస్‌కు ముందు ఈ సమస్యను ఆర్థికవేత్తలు కేంబ్రిడ్జి ఆచార్యుడు ఆర్థర్ పిగూ కళ్ళతో చూసేవారు. 1920లో వెలువడిన తన సంక్షేమ ఆర్థికశాస్త్ర గ్రంథంలో పిగూ, రైలింజను నిప్పురవ్వలు పడి చుట్టుపక్కల అడవికి జరిగే నష్టం వంటివి రైల్వే లెక్కల్లోకి రావని చూపాడు. లెక్కలోకి రాని ఆ భారాన్ని పన్ను రూపంలోనో మరో రూపంలోనో ప్రభుత్వం నష్టం కలిగించేవాడి మీదే వేయాలన్నది ఆ ఆలోచన. వినడానికి సబబుగానే ఉంటుంది. పై మిల్లు మీద నష్టానికి సరిపడా నెలకు 12,000 పన్ను వేసి చూడండి. పన్ను తప్పించుకోవడానికి మిల్లు 6,000తో యంత్రం పెడుతుంది. 3,500తో పోయే పనికి అంత అవుతుంది. నష్టపోయేవాడు తన వైపు నుంచి చవగ్గా చేయగలిగిన పని ఏదైనా ఉందా అని ఈ పద్ధతి అడగదు. కోస్ పట్టుకున్నది ఈ లోపాన్నే. ఆయన దృష్టిలో నష్టం ఒకవైపు నుంచి మాత్రమే వచ్చేది కాదు. బాయిలర్, అప్పడాలు రెండూ పక్కపక్కన ఉండబట్టి తగువు పుట్టింది. ఇంటిని కాపాడితే మిల్లుకు నష్టం, మిల్లును వదిలేస్తే ఇంటికి నష్టం. పొగ పీల్చేవాడికి ఈ మాట చేదుగా ఉంటుంది, ఉండాలి కూడా. అయినా ఖర్చు లెక్కలో అది తప్పు కాదు.

ఈ ఆలోచన మొదట రేడియో తరంగాల గురించి వచ్చింది. ఒకే తరంగం మీద ఇద్దరు ప్రసారం చేస్తే ఎవరి మాటా వినపడదు. తరంగాలను ప్రభుత్వం పంచిపెట్టడానికి బదులు వాటి మీద హక్కులు ఏర్పరచి అమ్మితే, అవసరం ఎక్కువున్నవాడే కొనుక్కుంటాడని 1959లో కోస్ రాశాడు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళకు అందులో ఒక వాదం తప్పనిపించింది. 1960లో అక్కడి ఆచార్యుడు ఆరన్ డైరెక్టర్ ఇంట్లో భోజనానికి పిలిచి కోస్‌ను నిలదీశారు. మిల్టన్ ఫ్రీడ్‌మన్, జార్జ్ స్టిగ్లర్ వంటి ఉద్దండులు అక్కడున్నారు. మొదట ఇరవై మంది కాదన్నారనీ, రెండు గంటల వాదన అయ్యేసరికి అందరూ కోస్ వైపు తిరిగారనీ స్టిగ్లర్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. దాన్ని వివరంగా రాసిమ్మని వాళ్ళే అడిగారు. అలా వచ్చిందే సామాజిక వ్యయం మీద 1960 నాటి వ్యాసం.

ఆ వ్యాసంలో కోస్ ఎత్తిచూపిన కేసుల్లో బాగా పేరుపడినది 1879లో లండన్‌లో తీర్పు వచ్చిన స్టర్జెస్, బ్రిడ్జ్‌మన్‌ల తగాదా. విగ్మోర్ వీధిలో ఒక మిఠాయి వ్యాపారి వంటగదిలో రెండు పెద్ద రోళ్ళుండేవి. ఒకటి అరవై ఏళ్ళకు పైగా, రెండోది ఇరవై ఆరేళ్ళుగా అక్కడే నడుస్తున్నాయి. వెనక ఇంట్లోకి వచ్చిన డాక్టరు ఎనిమిదేళ్ళ తర్వాత తోట చివర, సరిగ్గా ఆ వంటగది గోడకు ఆనుకుని, రోగులను చూసే గది కట్టుకున్నాడు. స్టెతస్కోపు పెడితే గుండె చప్పుడు బదులు రోలు చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళుగా దంచుతున్నాను కాబట్టి హక్కు వచ్చేసిందని వ్యాపారి వాదన. ఇంతకాలం ఎవరికీ ఇబ్బంది లేనప్పుడు హక్కు ఎలా పుడుతుందని కోర్టు డాక్టరుకే అనుకూలంగా తీర్పిచ్చింది. కోస్ అడిగింది తీర్పు తర్వాత సంగతి. రోలు కదపడం వల్ల వ్యాపారికి పోయేది, గది మార్చడం వల్ల డాక్టరుకు పోయేదాని కన్నా ఎక్కువైతే, వ్యాపారి డబ్బిచ్చి డాక్టరును ఒప్పించవచ్చు. తీర్పు తిరగబడినా బేరం అటువైపు నుంచి మొదలవుతుంది, అంతే.

దీనికి సిద్ధాంతం అనే పేరు 1966లో ధరల సిద్ధాంతం మీద తన పాఠ్యపుస్తకంలో స్టిగ్లర్ పెట్టాడు. ఆ పేరుతో బేరానికి ఖర్చే ఉండదనే ఊహ ముందుకొచ్చి, కోస్ అసలు ఉద్దేశం వెనక్కిపోయింది. నిజ లోకంలో బేరానికి ఖర్చుంటుందని, ఆ ఖర్చు వల్లే చట్టం ఎక్కడ హక్కు పెట్టిందన్నది ముఖ్యమవుతుందని చెప్పడమే తన పని అని ఆయన చివరిదాకా అంటూనే ఉన్నాడు. 1991లో నోబెల్ బహుమతి ఇచ్చిందీ ఈ బేరసారాల ఖర్చులు, ఆస్తి హక్కుల మీద ఆయన చేసిన కృషికే.

ఆ ఖర్చు ఏం చేస్తుందో మన మిల్లు దగ్గరే తెలుస్తుంది. అదే బూడిద అయిదు డాబాల మీద పడుతోందనుకుందాం. అయిదు షెడ్లకు 17,500 అవుతుంది కాబట్టి ఇప్పుడు చవకైనది మిల్లుకు 6,000తో బిగించే యంత్రమే. హక్కు ఇళ్ళవాళ్ళదైతే మిల్లు మాట్లాడకుండా యంత్రం పెట్టేస్తుంది, ఎవరితోనూ బేరం అక్కర్లేదు. హక్కు మిల్లుదైతే అయిదిళ్ళవాళ్ళూ తలా 1,200 వేసుకుని యంత్రం పెట్టించాలి. "మిగతావాళ్ళు ఇస్తారు కదా, నేనెందుకు" అని ఒకరు తప్పుకుంటే లెక్క చెదురుతుంది. యంత్రం పెట్టాక గాలి అందరికీ శుభ్రమే, ఇవ్వనివాడికీ అంతే. పోనీ యంత్రమే లేని రోజుల్లో, హక్కు ఇళ్ళదై, మిల్లు నడవాలంటే అయిదుగురి సంతకాలూ కావాలనుకోండి. చివరి సంతకం పెట్టాల్సినవాడు తన నష్టం ఎంతో చెప్పడు, మిల్లుకు ఎంత లాభమో చూసి అడుగుతాడు. ఈ రెండు చిక్కుల వల్లే జనం పెరిగేకొద్దీ సిద్ధాంతం పట్టు సడలుతుంది.

డబ్బు లేమి ఇంకో చిక్కు. నెలకు 3,500 తీయలేని ఇంటికి, హక్కు మిల్లుదైనప్పుడు షెడ్డు వేయడం లాభమని తెలిసినా చేతకాదు. అప్పుడు బూడిద పడుతూనే ఉంటుంది, లెక్క ప్రకారం జరగాల్సింది జరగదు.

ఊళ్ళో ఇలాంటి తగువులకు కోర్టుకెక్కేవాళ్ళు తక్కువ. పెద్దమనుషులను పిలిచి పంచాయితీ పెట్టుకుంటారు. ఇది మన ఊళ్ళ సంగతే కాదు. న్యాయశాస్త్రవేత్త రాబర్ట్ ఎలిక్సన్ కాలిఫోర్నియాలోని శాస్తా కౌంటీలో పశువులు పెంచేవాళ్ళు, పొలాలవాళ్ళ మధ్య పంట నష్టం తగాదాలను పరిశీలించి 1991లో ఒక పుస్తకం తెచ్చాడు. అక్కడి పశువుల చట్టం ఏం చెబుతోందో జనానికి సరిగ్గా తెలియదనీ, తెలిసినవాళ్ళూ దాన్ని పట్టించుకోకుండా ఇరుగుపొరుగు మర్యాద మీదే సర్దుబాటు చేసుకుంటున్నారనీ తేల్చాడు. కోస్ చెప్పిన బేరం అక్కడ జరుగుతోంది, కానీ హక్కు పత్రం చూసి కాదు. మళ్ళీ మళ్ళీ ఎదురుపడాల్సిన మనిషితో తగవు పెట్టుకుంటే వచ్చే నష్టం చూసి.

భారతదేశంలో హక్కు ఎవరిదో చాలావరకు రాసే ఉంది. 1882 నాటి ఈస్మెంట్స్ చట్టం 7వ సెక్షన్ ఇచ్చిన ఉదాహరణల్లో, తన భూమి మీదికి వచ్చే గాలిని ఇతరులు అన్యాయంగా పాడుచేయకుండా ఉండే హక్కు ప్రతి భూయజమానికీ ఉంది. ఇంట్లో ఉన్నవాళ్ళ సుఖానికి చప్పుడు, అదురు అడ్డుపడకుండా ఉండే హక్కూ ఉంది. 1978 నాటి ఒక కేసులో అలహాబాద్ హైకోర్టు, పిండి గిర్ని చప్పుడు పక్కనున్నవారి సుఖానికి భంగమని దాన్ని నిలిపే ఇంజంక్షన్‌ను సమర్థించింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లకు హద్దు పెట్టాయి. రాత్రి అంటే పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా. ఇక్కడే కోస్ లెక్క ఆగిపోయే చోటొకటి ఉంది. పక్కింటివాడు డబ్బు తీసుకుని సరే అన్నంత మాత్రాన ఈ హద్దు దాటే అనుమతి రాదు, అధికారులు వచ్చి ఆపవచ్చు. 1972లో కాలబ్రేజీ, మెలమెడ్ అనే న్యాయవేత్తలు అమ్ముకోవడానికి వీల్లేని హక్కులని ఒక రకాన్ని విడదీసి చెప్పారు. ఈ డెసిబెల్ హద్దు ఆ రకానికి దగ్గర. చట్టం అలా ఎందుకు పెట్టిందంటే, చప్పుడు ఒక్క పక్కింటికే ఆగదు. సంతకం చేసినవాడితో పాటు చేయనివాళ్ళూ వింటారు.

కామారెడ్డిలోనే హక్కు తేలకపోతే ఏమవుతుందో 2023 జనవరిలో కనిపించింది. పురపాలక సంఘం ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో అడ్లూర్ ఎల్లారెడ్డి వంటి గ్రామాల సాగు భూములు పరిశ్రమల జోన్‌లో చేరాయని రైతులు ఆందోళనకు దిగారు. పొలం రైతుదే, పట్టా రైతుదే. కానీ ఆ పొలాన్ని దేనికి వాడవచ్చు, ఎవరికి అమ్మవచ్చు, పక్కన ఏం వస్తుంది అనేవి జోన్ గీతను బట్టి మారతాయి. ఆ నెలలోనే పాలకవర్గం ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. ఇక్కడ పొరుగువాడితో బేరానికి చోటే లేదు. హక్కు ఎక్కడుండాలన్నదే తగువు, అది తేలాల్సింది కౌన్సిల్ హాల్లో, రోడ్డు మీద.

జనం వందలు, వేలైతే ఏమవుతుందో పటాన్‌చెరు చెబుతుంది. అక్కడి పారిశ్రామికవాడ మురుగు నక్కవాగు మీదుగా మంజీరలోకి చేరి, వాగు పక్క గ్రామాల బావులు, పొలాలు పాడయ్యాయి. ఏ కంపెనీ నీళ్ళు ఏ బావిలో చేరాయో చూపడం కష్టం. రైతులు ఎందరో, కంపెనీలు ఎన్నో. ఒక్కొక్కరు ఒక్కొక్కరితో మాట్లాడుకునే పరిస్థితి లేదు. 1990లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం తర్వాత హైకోర్టుకు, అక్కణ్నుంచి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్ళింది. రైతులకు నష్టపరిహారం వచ్చింది కూడా కోర్టు ఆదేశాల మీదే, పక్క పొలంవాడికి కంపెనీ చెల్లించిన బేరం సొమ్ముగా కాదు.