గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందా?

గోదావరిఖని బొగ్గుబాయి కాలనీల్లో పిల్లకు ఏడాది దగ్గరపడితే పుట్టువెంట్రుకల మాట మొదలవుతుంది. కొందరు వేములవాడ రాజన్న దగ్గర తీయిస్తారు, కొందరు కొండగట్టుకు పోతారు. మొక్కు సంగతి మొక్కుదే. దాని వెనక ఇంకో నమ్మకం ఉంది: "గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తది."

ఈ మాట ఊరికే పుట్టలేదు. పుట్టినప్పుడున్న మెత్తటి జుట్టు తొలి నెలల్లో చాలామటుకు తనంతట తానే రాలిపోతుంది. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో క్రమంగా లావాటి, నల్లటి వెంట్రుక వస్తుంది. మనం కత్తి పెట్టించేది సరిగ్గా ఆ మార్పు జరుగుతున్న రోజుల్లోనే. గుండు చేయించని పిల్లకూ ఆ జుట్టే వచ్చేది గానీ, పేరు మాత్రం కత్తికి పోయింది.

చేతికి తెలిసే కారణం మరొకటుంది. ఎన్నడూ కోయని వెంట్రుక కొస సన్నగా ఉంటుంది. గొరిగితే ఆ సన్నకొస పోయి, మొద్దుగా తెగిన నడుమ భాగం పైకొస్తుంది. అందుకే నిమిరితే గరుకుగా తగులుతుంది, చూస్తే నల్లగా కనిపిస్తుంది. వెంట్రుక పుట్టేది చర్మం కింది కుదుట్లో. పైన కనిపించేది ప్రాణం లేని పోగు. దాన్ని కోసిన కబురు కుదురుకు చేరే దారి లేదు. అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త నలుగురు మగవాళ్ల గడ్డం గీయించి, ఆ వెంట్రుకలను పరీక్షించి 1928లో ఫలితం రాసింది. గీయడం వల్ల పెరుగుదల వేగంలో గానీ మందంలో గానీ తేడా రాలేదు.

కొసలు కత్తిరిస్తే తొందరగా పెరుగుతుందనేది గుండు నమ్మకానికి చెల్లెలే. తలవెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండు నెలలకోసారి రెండు సెంటీమీటర్లు కోయించుకునే అమ్మాయి జడ ఏడాది తర్వాత కూడా ఉన్నచోటే ఉంటుంది. మరి లాభం అసలే లేదా? కొస చీలిన వెంట్రుక పైపైకి చీలుతూ మధ్యలో విరుగుతుంది, పెరిగినదంతా అలా పోతుంది. అలాంటి జుట్టుకు అప్పుడప్పుడు కాస్త కోయడం పొడవును కాపాడుతుంది. పెంచదు.

ఇక జుట్టు రాలుతోందని షాంపూ మీద మోపే నేరం. ఒకప్పుడు ఆదివారం తలకు పోసుకోవడమంటే కుంకుడుకాయ రసమో శీకాయో. 1980ల తర్వాత చిన్న ప్యాకెట్ల షాంపూ కిరాణా కొట్లలో దండలుగా వేలాడింది. "మా అమ్మకు కుంకుడుకాయతో మోకాళ్ల దాకా జడ, నాకు షాంపూతో ఇంతే" అనే మాట ఆ మార్పు మీదే నిలబడింది.

బాత్‌రూమ్ జాలీ దగ్గర పేరుకున్న వెంట్రుకల చుట్ట చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ లెక్క చూడండి. తలమీద దాదాపు లక్ష వెంట్రుకలుంటే, రోజుకు యాభై నుంచి వంద రాలడం మామూలే. ప్రతి వెంట్రుక కొన్నేళ్లు పెరిగి, మూడు నెలలపాటు విశ్రాంతి తీసుకుని ఊడుతుంది. గట్టిగా జడ వేసుకునేవాళ్లలో ఊడినవి జడలోనే చిక్కుకుని ఉంటాయి. వారానికోసారి తల రుద్దినప్పుడు ఆ బాకీలన్నీ ఒక్కసారి బయటపడతాయి. కుంకుడుకాయ రోజుల్లోనూ రాలేవి.

రాలిందా, విరిగిందా అనేది ఇంట్లోనే చూడొచ్చు. ఒక చివర తెల్లటి చిన్న గుబ్బ ఉంటే కుదుటి నుంచి తన వేళకు ఊడింది. గుబ్బ లేకుండా పొట్టి ముక్కలుగా కనిపిస్తే విరిగింది. గట్టిగా రుద్దడం, తడి జుట్టును లాగి దువ్వడం అందుకు కారణం కావచ్చు. అదీ కాక పిడికిళ్లకు పిడికిళ్లు గుబ్బతో ఊడుతుంటే, రెండు మూడు నెలల వెనక్కి పోయి చూడాలి. గట్టి జ్వరమో, ప్రసవమో, ఆపరేషనో ఉండి ఉండొచ్చు. టైఫాయిడ్ తగ్గి రెండు నెలలైన మనిషి ఆ జ్వరాన్ని మరిచి, నిన్న మార్చిన షాంపూను తిడతాడు. అలా ఊడింది సాధారణంగా కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది.

బట్టతల దారి వేరు. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ దాని మూలం పట్టుకున్నాడు. యుక్తవయసు రాకముందే వృషణాలు పనిచేయకుండా పోయిన మగవాళ్లకు బట్టతల రాలేదు. పురుష హార్మోను ఇస్తే, వంశంలో బట్టతల ఉన్నవాళ్లకు మొదలైంది. ఆపితే ముదరడం ఆగింది. అంటే వంశమూ హార్మోనూ కలవాలి.

బాయి దిగేవాళ్లు అనే "టోపీ పెట్టి పెట్టి బట్టతలొచ్చింది" కూడా ఈ లెక్కలోనే తేలుతుంది. ఇరవై దాటిన కుర్రాడు నౌకరీలో చేరతాడు, హెల్మెట్, క్యాప్‌ల్యాంప్ తలకెక్కుతాయి. వంశపు బట్టతల మొదలయ్యే వయసూ అదే. హెల్మెట్ కింద చెమటా బొగ్గుదుమ్మూ కలిస్తే దురద, చుండ్రు, కురుపులు రావచ్చు. షిఫ్టు దిగాక తల కడుక్కోవాల్సింది అందుకే, దానికి షాంపూ పనికొస్తుంది. నుదుటి మూలలు వెనక్కి జరుగుతుంటే మాత్రం ఆ టోపీని కాదు, తండ్రి, మేనమామల తలలను చూడాలి.